పాత స్పూన్ల మీద ఎర్రగా కనపడితే పూతేనా? స్టెర్లింగ్ వెండిని, వెండి పూతను వేరుచేసే పద్ధతి

పాత ఇంగ్లిష్ కట్లరీ పట్టుకుని వెండి కొట్టుకి వెళ్తే ఎక్కువగా వినపడేవి రెండు మాటలు. ఒకటి "రాగి కనపడుతోందండీ, ఇది పూత సామాను." రెండోది "పక్కన అతుకు గీత ఉంది చూడండి, లోపల డొల్ల, వెండి కాదు." ఈ రెండూ కొన్నిసార్లు నిజమే. కానీ అసలైన స్టెర్లింగ్ మీద కూడా ఎర్రటి ఛాయ రావచ్చు, అసలైన వెండి కత్తి పిడికి కూడా అతుకు గీత ఉంటుంది. ఆ తేడా తెలియక మంచి వెండిని పూత ధరకి వదిలేసుకునేవాళ్లున్నారు, పూత సామానుని వెండి అనుకుని తరాలుగా లాకర్లో దాచుకున్నవాళ్లూ ఉన్నారు.

ఈ మధ్య గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత ఇల్లు పడగొట్టే ముందు సామాను సర్దుతుంటే మఖమల్ పరిచిన చెక్కపెట్టె ఒకటి దొరికింది. తాతగారు ప్లీడరుగా ఉన్న రోజుల్లో ఎవరో దొరల దగ్గర కొన్నారని ఇంట్లో చెప్పుకునేవాళ్లట. అందులో ఆరు స్పూన్లు, ఆరు ఫోర్కులు, ఆరు కత్తులు ఉన్నాయి. స్పూన్ల మీద ఊదా రంగు మచ్చలు, ఫోర్కుల కొసల్లో రాగి రంగు, కత్తి పిడుల పక్కన నిలువునా సన్నటి గీత. కొట్టులో మూడింటినీ ఒకే గాటన కట్టి పూత అన్నారు. చివరికి తేలింది వేరు. వాటిని ఎలా చూశామో అదే వరసలో చెబుతాను.

ముందు ఈ రెండూ ఏమిటో

స్టెర్లింగ్ అంటే నూటికి 92.5 పాళ్లు వెండి, మిగతా 7.5 పాళ్లు ఎక్కువగా రాగి. అచ్చమైన వెండి మెత్తగా ఉండి ఫోర్కు వంగిపోతుంది కాబట్టి గట్టిదనం కోసం రాగి కలుపుతారు. పై నుంచి లోపలి దాకా ఒకే లోహం. వందేళ్లు వాడి అరగదీసినా కింద కనపడేది మళ్లీ అదే.

సిల్వర్ ప్లేట్ అంటే వేరే లోహం మీద వెండి పొర. 1840లో బర్మింగ్‌హామ్‌లోని ఎల్కింగ్టన్ వాళ్లు కరెంటుతో పూత వేసే పద్ధతికి పేటెంటు తీసుకున్న తర్వాత ఇది కుప్పలు తెప్పలుగా వచ్చింది. కింద ఉండే లోహం సాధారణంగా నికెల్ సిల్వర్, అంటే మన పూజ సామాన్ల కొట్లలో జర్మన్ సిల్వర్ అని అమ్మేది. పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి ఉండదు. రాగి, జింకు, నికెల్ కలిపిన లోహం అది. కొన్ని సామాన్లలో కింద నేరుగా రాగే ఉంటుంది.

మంచి పూత మందం 20, 30 మైక్రాన్లు ఉందనుకుంటే ఒక పెద్ద స్పూను మొత్తం మీద ఉండే వెండి ఒకటిన్నర నుంచి రెండున్నర గ్రాములు. అదే సైజు స్టెర్లింగ్ స్పూనులో అరవై గ్రాముల దాకా ఉండొచ్చు. ఈ తేడా గుర్తుంటే ఓపిగ్గా చూడటానికి మనసొప్పుతుంది.

తోమకుండా చూడండి

పెట్టె దొరకగానే మన చేతులు ఊరుకోవు. విభూతో, టూత్‌పేస్టో, ఇత్తడి తోమే పొడో పట్టుకుని రుద్దేస్తాం. ఇప్పుడే వద్దు. పూత ఎక్కడ ఎలా అరిగిందన్నదే మనకి కావలసిన సాక్ష్యం. తోమితే ఉన్న కాస్త పూతా పోతుంది, అరుగుదల అంచులు చెరిగిపోతాయి. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి, మెత్తటి గుడ్డతో జిడ్డు మాత్రం తీసి ఆరబెట్టండి. కత్తుల్ని నీళ్లలో నానబెట్టకండి, తడిగుడ్డతో తుడవండి చాలు. కారణం తర్వాత చెబుతాను.

తర్వాత పగటిపూట కిటికీ దగ్గర కూర్చోండి. ఎండ నేరుగా పడకూడదు. తెల్లకాగితం పరిచి దాని మీద వస్తువు పెట్టండి. ఎల్ఈడీ లైటు కింద లేత గులాబీ రంగు తేలిగ్గా తప్పిపోతుంది. పదింతలు పెద్దగా చూపే భూతద్దం, అంటే కంసాలులు కంటికి పెట్టుకునే లాంటిది, ఒకటి ఉంటే సరిపోతుంది.

ముద్రలు: సాయం చేస్తాయి, తీర్పు చెప్పవు

స్పూను కాడ వెనక వైపు చూడండి. ఇంగ్లండు స్టెర్లింగ్ అయితే ఎడమ వైపుకి నడుస్తూ ముందరి కాలు ఒకటి ఎత్తిన సింహం ఉంటుంది. దాని పక్కన ఊరి గుర్తు ఉంటుంది. లంగరు బర్మింగ్‌హామ్‌ది, చిరుతపులి తల లండన్‌ది, కిరీటం 1974 దాకా షెఫీల్డ్‌ది. ఇంకా సంవత్సరాన్ని సూచించే ఒక అక్షరం, చేసినవాళ్ల పొడి అక్షరాలు ఉంటాయి.

పూత సామాను మీద ఇ, పి, ఎన్, ఎస్ అన్న ఇంగ్లిష్ అక్షరాలో, ఏ1 అనో ఉంటుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ నాలుగు అక్షరాల్నీ విడివిడిగా చిన్న చిన్న డాలు బొమ్మల్లో కొట్టేవారు, దూరం నుంచి హాల్‌మార్కుల వరసలాగే కనపడుతుంది. కిరీటం ఒక్కటే చూసి కూడా మురిసిపోకండి. 19వ శతాబ్దంలో పూత పనివాళ్లూ కిరీటం గుర్తు వాడారు.

గుంటూరు వైపు అమెరికా సామాను కూడా తగిలే అవకాశం ఉంది. 1842లో ఫాదర్ హేయర్ వచ్చినప్పటి నుంచి అమెరికా లూథరన్ మిషన్ ఇక్కడ పాతుకుని ఉంది కదా. అమెరికా వెండికి ఇంగ్లండులోలా ఊరి గుర్తుల హాల్‌మార్కులు ఉండవు, సాధారణంగా స్టెర్లింగ్ అనే మాట కొట్టి ఉంటుంది. "1847 రోజర్స్ బ్రోస్" అని ఉంటే అది పూత సామాను బ్రాండు పేరు. ఆ అంకె చూసి 1847లో చేసిందనుకోకూడదు.

బ్రాడీపేట పెట్టెలో స్పూన్ల ముద్రలు బాగా అరిగిపోయాయి. ఒకదాని మీద సింహం వీపు లాంటిది లీలగా తెలిసింది, అంతే. ఫోర్కుల మీద ఒక డాలు బొమ్మలో "ఎన్" లాంటి అక్షరం మాత్రం మిగిలింది. కత్తి పలక మీద షెఫీల్డ్ అని ఉంది. అది పలక ఉక్కు ఏ ఊరిదో చెబుతుంది, పిడి సంగతి దానికి సంబంధం లేదు. పలక మీద స్టెయిన్‌లెస్ అని కూడా ఉంది. ఆ ఉక్కు షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ చేతిలో రూపుదిద్దుకున్నది 1913లో. కాబట్టి పలక అంతకంటే పాతది కాదు. పిడి పాతదై పలక మార్చి ఉండొచ్చు కూడా.

ఎర్రదనం ఎక్కడుంది, అంచు ఎలా ఉంది

అసలు పని ఇక్కడుంది. రాగి గిన్నెకి కళాయి పోయినప్పుడు ఎలా ఉంటుందో మనందరికీ తెలుసు. గరిటె తగిలే అడుగున ముందు పలచబడి, మధ్యలో ఎర్రగా తేలి, చుట్టూ తెల్లదనం మెల్లగా మొదలవుతుంది. వెండి పూత అరగడమూ అచ్చం అంతే. అది రాపిడి తగిలే చోటే అరుగుతుంది.

కట్లరీలో ఆ చోట్లు ఖాయంగా ఉంటాయి. స్పూనుని బల్ల మీద వెల్లకిలా పెడితే గుంట వెనక భాగం ఆనే చోటు, కాడ చివర వెనక బల్లకి తగిలే చోటు, ఫోర్కు ముళ్ల కొసలు, ముళ్ల వెనక వంపు, పుల్లల్లా సన్నటి అంచులు. మంచి కంపెనీలు ఈ చోట్ల ఇంకొంచెం మందంగా పూత వేసేవి కూడా. వాటిని భూతద్దంలో చూస్తే మూడు రంగులు ఒకదాని తర్వాత ఒకటి కనపడాలి: చుట్టూ చల్లటి తెలుపు, తర్వాత మసకబారిన పలచటి వలయం, మధ్యలో అడుగు లోహం. అడుగు లోహం రాగి అయితే గులాబీ ఎరుపు. నికెల్ సిల్వర్ అయితే ఎరుపు రాదు, పాలిపోయిన ఇత్తడిలా పసుపు కలిసిన బూడిద రంగు వస్తుంది. చాలామంది ఎరుపు కోసమే వెతికి, ఈ పసుపు బూడిదని వదిలేస్తారు. నిజానికి ఇళ్లలో దొరికే పూత స్పూన్లలో ఎక్కువగా కనపడేది ఇదే.

బ్రాడీపేట ఫోర్కులు ఈ లెక్కకి సరిగ్గా సరిపోయాయి. ముళ్ల కొసలు నాలుగూ మసకగా, కాస్త రాగి రంగు కలిసిన పసుపులో ఉన్నాయి. ముళ్ల మధ్య సందుల్లో, గుడ్డ కూడా దూరని చోట, పూత చెక్కుచెదరకుండా తెల్లగా ఉంది. రాపిడి ఉన్న చోట ఒక రంగు, లేని చోట ఒక రంగు ఉంటే అది పూతే.

స్పూన్ల మీది మచ్చలు వేరే రకం. ఊదా కలిసిన బూడిద రంగు, మబ్బులా పరుచుకుని ఉంది. గుంట లోపల, కాడ మీద, ఎక్కడ పడితే అక్కడ ఉంది. వెలుగులో ఒక కోణంలో పట్టుకుంటే కనపడుతుంది, కొంచెం తిప్పితే మాయమవుతుంది. మచ్చ మీద గోరు ఆడిస్తే అంచు తగలదు. బల్లకి ఆని బాగా అరిగిన వెనక భాగం మాత్రం శుభ్రంగా తెల్లగా ఉంది. పూతయితే అన్నిటికంటే ముందు రంగు మారవలసింది అక్కడే.

దీన్ని ఫైర్ స్కేల్ అంటారు. స్పూను చేసేటప్పుడు లోహాన్ని పదే పదే కాల్చి మెత్తబరుస్తారు. ఆ వేడికి స్టెర్లింగ్‌లో ఉన్న ఆ 7.5 పాళ్ల రాగి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, పై తోలు కిందే ఆక్సైడుగా మారుతుంది. దాని మీద పలచటి అచ్చ వెండి తోలు మిగులుతుంది. ఏళ్ల తరబడి తోమగా ఆ తోలు పోయి, కింది మబ్బు బయటపడుతుంది. అంటే ఈ ఊదా మచ్చ అది వెండి కాదని చెప్పడం లేదు, స్టెర్లింగ్ అయి ఉండొచ్చని చెబుతోంది. కొట్టులో దీన్నే రాగి అన్నారు. రాగి మాట నిజమే, కానీ అది స్టెర్లింగ్‌లో ఉండవలసిన రాగి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఫైర్ స్కేల్ అప్పుడప్పుడు ఎత్తు చోట్ల కూడా తేలుతుంది. అందుకే చోటు ఒక్కటే చూసి తేల్చకండి. అంచు వలయంలా మెల్లగా మారుతోందా, అడుగున వెచ్చటి మెరుపుతో వేరే లోహం కనపడుతోందా, ఈ రెండూ కలిపి చూడండి.

చింతపండు చుక్క

మచ్చ బాగా నల్లబడి ఉంటే అది వెండి మీది నలుపా, అరిగిన పూత కింద చిలుము పట్టిన రాగా అన్నది కంటికి తెలియదు. చింతపండు కొంచెం నానబెట్టి, ఉప్పు కలపకుండా, చిక్కటి గుజ్జు చుక్క ఒకటి ఆ మచ్చ మీద పెట్టండి. రెండు నిమిషాలాగి తుడిచి వెంటనే కడగండి. కింద రాగి ఉంటే ఆ చుక్క పెట్టిన మేర గులాబీ రంగులో తేరుకుంటుంది. చింతపండు పులుపు రాగి చిలుముని కరిగిస్తుంది, వెండి మీది నలుపుని పెద్దగా కదల్చదు. వెండికి పట్టిన నలుపు గంధకం వల్ల వచ్చేది, దాని స్వభావం వేరు. ఉప్పు ఎందుకు వద్దంటున్నానంటే అది వెండి మీద గుంటలు పెట్టగలదు. అడుగున నికెల్ సిల్వర్ ఉంటే ఈ చుక్క స్పష్టంగా ఏమీ చెప్పదు. అలాంటప్పుడు తూకానికి వెళ్లాలి.

నీళ్లలో తూకం

అయస్కాంతం అందరూ పెట్టి చూస్తారు. వెండీ అంటుకోదు, రాగీ అంటుకోదు, నికెల్ సిల్వరూ సాధారణంగా అంటుకోదు. ఇనుము మీద పూత వేసినవాటిని పక్కన పెట్టడానికి తప్ప అది పనికిరాదు. ఇంట్లో చేయగలిగిన వాటిలో గట్టి పరీక్ష సాంద్రతే.

స్టెర్లింగ్ సాంద్రత దాదాపు 10.3, రాగి 8.9, నికెల్ సిల్వర్ 8.7 చుట్టుపక్కల ఉంటుంది. పూత ఎంత మంచిదైనా ఆ పలచటి పొర లోపలి లోహం సాంద్రతని 10 దాటించలేదు.

గ్రాములో పదో వంతు చూపే స్కేలు కావాలి. కనీసం కిలోన్నర దాకా తూగేది అయితే మంచిది. లీటరు నీళ్ల బాటిల్ పై భాగం కోసేసి, ముప్పావు దాకా నీళ్లు పోసి, అందులో లిక్విడ్ సోపు ఒక చుక్క వేయండి. గాలి బుడగలు అంటుకోకుండా అది కాపాడుతుంది. ముందు స్పూన్లు ఆరూ పొడిగా తూచి రాసుకోండి. తర్వాత నీళ్ల బాటిల్ని స్కేలు మీద పెట్టి సున్నా చేయండి. ఆరింటినీ సన్నటి దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా నీళ్లలోకి వేలాడదీసి చేత్తో పట్టుకోండి. అడుక్కీ గోడకీ తగలకూడదు. ఇప్పుడు స్కేలు చూపే గ్రాములే ఆ స్పూన్లు తోసిన నీళ్ల బరువు. పొడి బరువుని దానితో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఒక్క స్పూనుతో చేస్తే చిన్న పొరపాటు కూడా లెక్కని తారుమారు చేస్తుంది, అందుకే ఆరూ కలిపి చేయడం.

బ్రాడీపేట స్పూన్ల పొడి బరువు 276 గ్రాములు. నీళ్లలో స్కేలు చూపింది 26.7. భాగిస్తే 10.34. అది స్టెర్లింగ్. ఫోర్కులు 291 గ్రాములు, నీళ్లలో 33.4. భాగిస్తే 8.71. అవి నికెల్ సిల్వర్ మీద పూత. స్టెర్లింగే అయి ఉంటే నీళ్లలో 28 దగ్గర ఆగి ఉండాలి. అయిదు గ్రాములకి పైగా తేడా ఉంది కాబట్టి అనుమానానికి తావు లేదు.

మీకు 9.8 లాంటి మధ్య అంకె వస్తే ముందు బుడగల్ని అనుమానించండి. బుడగ ఉంటే నీళ్లు ఎక్కువ తోసినట్టు చూపి, మంచి వెండిని కూడా తక్కువ చేసి చూపుతుంది. దారం సర్ది మళ్లీ తూచండి.

కత్తి పిడి అతుకు

కత్తుల మీద ఈ తూకం చెల్లదు. ఎందుకంటే పాత టేబుల్ కత్తి పిడి ఘనంగా ఉండదు. పలచటి రేకుని అచ్చులో కొట్టి రెండు సగాలు చేసి, సన్నటి పక్కల వెంట టంకంతో అతికి, లోపల గుగ్గిలం లాంటి జిగురో, తారు లాంటిదో నింపి, ఉక్కు పలక తోకని అందులోకి దించుతారు. మన కంసాలులు డొల్ల నగల్లో లక్క నింపడం లాంటి పనే. స్టెర్లింగ్ పిడీ ఇలాగే చేస్తారు, పూత పిడీ ఇలాగే చేస్తారు. కాబట్టి అతుకు గీత ఉందన్న మాట ఒక్కటే ఏమీ చెప్పదు. చూడవలసింది గీత రంగు, గీతకి రెండు పక్కల రంగు.

నోటితో హా అని ఊది ఆవిరి పట్టనివ్వండి. ఆవిరి ఆరుతున్నప్పుడు గీత బాగా తేలుతుంది. స్టెర్లింగ్ పిడి అయితే వెంట్రుకంత సన్నటి గీత, కొంచెం పసుపో బూడిదో ఛాయతో కనపడుతుంది. వెండి టంకంలో రాగి, జింకు కలుస్తాయి కాబట్టి ఆ ఛాయ వస్తుంది. గీత దాటగానే రెండు పక్కలా ఒకే తెలుపు ఉండాలి. పూత పిడి అయితే గీత వెంట రంగు పట్టీలా వెడల్పుగా పరుచుకుంటుంది. పిడిలో చేతికి రాసుకునే అంచు అదే కాబట్టి పూత ముందు అక్కడే పోతుంది. ఆ పట్టీ పసుపు బూడిద అయితే నికెల్ సిల్వర్, ఎర్రగా ఉంటే రాగి.

కరెంటు పూతకి వందేళ్ల ముందు మరో రకం ఉండేది. 1743 ప్రాంతంలో షెఫీల్డ్‌లో థామస్ బోల్సోవర్ అనే కత్తుల పనివాడు వెండినీ రాగినీ వేడితో ఒకటిగా అతికి రేకుగా సాగదీసే పద్ధతి కనుక్కున్నాడు. ఆ రేకుని ఎక్కడ కోసినా అంచులో రాగి గీత కనపడుతుంది, దాన్ని దాచడానికి అంచులు మడిచేవారు. అలాంటి పాత పిడి దొరికితే అతుకు వెంట ఎర్రటి గీత సహజం. అది పూతే, కానీ పాత వస్తువుగా దానికి వేరే విలువ ఉంటుంది. కరిగించకండి, మళ్లీ పూత వేయించకండి.

బ్రాడీపేట కత్తుల్లో ఒక పిడి అతుకు దగ్గర చిన్నగా చీలింది. ఆ చీలికలోంచి భూతద్దంతో చూస్తే గోధుమ రంగు జిగురు కనపడింది. రేకు అంచు మందం మొత్తం తెల్లగానే ఉంది. పలక మొదలు దగ్గర బొడిపె కింద ఆవగింజంత సింహం, పక్కన కిరీటం దొరికాయి. పిడులు స్టెర్లింగే. చీలిక అంచు ఇలా చూసే అవకాశం వస్తే వదలకండి. రేకు అడ్డుకోత అంత నమ్మకమైన సాక్ష్యం మరొకటి లేదు.

కొట్టులో ఏం అడగాలి

విజయవాడ వన్‌టౌన్‌లోగానీ గుంటూరులోగానీ ఇప్పుడు మిషన్ మీద చూసే చోట్లు ఉన్నాయి. ఆ ఎక్స్‌రే మిషన్ పై పొరని మాత్రమే చదువుతుంది. పూతలో ఉండేది దాదాపు అచ్చ వెండి. అందుకని మందంగా పూత ఉన్న ఫోర్కు కూడా 98, 99 చూపించొచ్చు. ఇంగ్లిష్ కట్లరీ అంత ఎక్కువ చూపితే సంతోషించకండి, అనుమానించండి. స్టెర్లింగ్ 92.5కి దగ్గర్లో ఉండి మిగతాది రాగి చూపాలి. పాత వస్తువు పై తోలులో వెండి కాస్త ఎక్కువగా ఉండటం మామూలే. చిట్టాలో నికెల్ కనపడితే మాత్రం ఇక వాదన అక్కర్లేదు. బాగా అరిగిన చోట ఒకసారి, అరగని చోట ఒకసారి చూడమని అడగండి. రెండు రీడింగులూ దగ్గరగా ఉంటే ఒకే లోహం. చాలా తేడా ఉంటే పూత.

గీటురాయి మీద గీసేటప్పుడు కూడా ఇదే చిక్కు, తేలిగ్గా గీస్తే పూత వెండే అంటుకుంటుంది. కాడ వెనక కనపడని చోట ఆకురాయితో చిన్న గాటు పెట్టి, ఆ గాటులో నైట్రిక్ యాసిడ్ చుక్క వేయమనండి. గాటులో పచ్చగా నురగ వస్తే అడుగు లోహం వేరు. పాలలాంటి బూడిద రంగు వస్తే వెండి. ముద్రలు సరిగ్గా కనపడే వస్తువుకి ఈ గాటు పెట్టనివ్వకండి, దాని అవసరమూ లేదు, వస్తువూ పాడవుతుంది.

కత్తులు అమ్మదలుచుకుంటే తూకం దగ్గర జాగ్రత్త. పిడి మొత్తం బరువులో వెండి రేకు చిన్న భాగమే, మిగతాది జిగురు, ఉక్కు. నిజాయితీగా కొనేవాళ్లు కూడా పలకా జిగురూ తీసేసిన తర్వాతే వెండి తూచాలి. ఆ పని మీ ఎదురుగా చేయించుకోండి. పిడిని నేరుగా మంటలో పెట్టనివ్వకండి. లోపలి జిగురు వేడికి ఉబ్బి అతుకు పగిలి, వేడి జిగురు ఎగిరి మీద పడుతుంది. మొదట్లో నానబెట్టొద్దన్నదీ ఇందుకే, వేడి నీళ్లకే ఆ జిగురు మెత్తబడి పలక ఊడిపోతుంది. అమ్మే ఉద్దేశం లేకపోతే చీలిన పిడిని వెండి పని తెలిసిన కంసాలికి ఇచ్చి, జిగురు తీయించి టంకం పెట్టించి మళ్లీ నింపించుకోవచ్చు.

పూత ఫోర్కులు ఇంట్లో వాడుకోవచ్చు. అడుగు లోహం తేలిన చోటికి పులుసు, పెరుగు, నిమ్మకాయ పదార్థాలు ఎక్కువసేపు తగలనివ్వకండి. లేదంటే మళ్లీ పూత వేయించి వాడుకోండి.